ఫోన్ పెట్టేయండి నాన్నా

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రమే అయినా ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నాన్న నౌపడ–గుణుపూర్ రైలు లైన్లో చిన్న గేజి రోజుల నుంచి పనిచేసి రిటైరయ్యారు కాబట్టి ఆయనకు హిందీ కూడా బాగా వచ్చు. నేను ఐర్లండ్‌లో నర్సుని. పోయిన ఏడాది నవంబర్‌లో మా ఇంట్లో జరిగినది, ఆ తర్వాత అమ్మానాన్నలకు నేను రాసిన ఉత్తరం, అది పనికొచ్చేలా చేయడానికి మేము పడిన పాట్లు ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు దూరాన ఉన్న ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి.

ఆ రోజు ఉదయం పదీ ఇరవైకి నాన్నకు ఒక రికార్డింగ్ ఫోన్ వచ్చింది. మీ నంబరు రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి అని. నొక్కారు. అవతల ఎవరో మర్యాదగా హిందీలో మాట్లాడి, మీ ఆధార్‌తో ముంబైలో ఒక సిమ్ తీశారు, దాని మీద కేసు ఉంది అంటూ 'పోలీసు అధికారి'కి కలిపాడు. ఆ అధికారి వాట్సాప్ వీడియోలోకి రమ్మన్నాడు. యూనిఫాం, వెనక గోడ మీద బొమ్మ, బల్ల మీద జెండా. నాన్న పెన్షన్ కాగితం నంబరు, రిటైరైన తేదీ కూడా చెప్పాడు. నాన్న నమ్మింది అక్కడే. "ఇవన్నీ గవర్నమెంటు వాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తాయమ్మా?" అని తర్వాత నన్ను అడిగారు.

ఆ తర్వాత వాళ్లు పెట్టిన షరతులు మూడు. గది తలుపు వేసుకోవాలి, ఫోన్ పెట్టేయకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. చెబితే వాళ్లనీ కేసులో ఇరికిస్తామన్నారు. దీనికే వాళ్లు 'డిజిటల్ అరెస్ట్' అని పేరు పెట్టుకున్నారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఇదే చెప్పారు, నాన్న కూడా విన్నారు. కానీ విన్న మాట ఆ గదిలో గుర్తుకు రాలేదు.

పదకొండూ నలభైకి 'ఖాతా పరిశీలన' పేరుతో యూపీఐలో 48,000 పంపించుకున్నారు. తనిఖీ అయ్యాక తిరిగొస్తుందన్నారు. తర్వాత బ్యాంకుకు వెళ్లి ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయమన్నారు. బ్యాంకులో అడిగితే కూతురి ఇంటి కోసం అని చెప్పమని నేర్పించారు కూడా.

అమ్మ తలుపు తడితే నాన్న నోటి మీద వేలు పెట్టి వెళ్లిపొమ్మని సైగ చేశారట. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ముఖం అలా ఎప్పుడూ చూడలేదని అమ్మ అంది. నాకు తొమ్మిది సార్లు ఫోన్ చేసింది. అక్కడ పదకొండున్నర అంటే నాకు తెల్లవారుజామున ఆరు. ముందు రోజు నైట్ డ్యూటీ చేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. చివరికి అమ్మ మా పెద్దమ్మ కొడుకుని పిలిచింది. అన్నయ్య వచ్చి తలుపు తోసి, ఫోన్ లాక్కుని ఆపేశాడు. అప్పటికి నాన్న చొక్కా వేసుకుని, డిపాజిట్ కాగితం జేబులో పెట్టుకుని ఉన్నారు.

అయితే 48,000 సంగతి నాన్న అన్నయ్యకు చెప్పలేదు. నేను లేచి, వాళ్లకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయినప్పుడు ఫోన్ చేస్తే, నా దగ్గర ఏడ్చి చెప్పారు. సిగ్గుతో గంట సేపు పోయింది. ఆ గంట విలువేమిటో తర్వాత తెలిసింది. అలాంటి డబ్బు మొదట పడిన ఖాతాలో ఉండదు, ముక్కలై నాలుగైదు ఖాతాల్లోకి పోతుంది, అక్కడ నుంచి ఏటీఎంలో తీసేస్తారు.

సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే నంబరు 1930కి నేనే చేద్దామనుకున్నాను. ఇక్కడ నా ఫోన్ నుంచి ఆ నంబరు కలవదు, అది మన దేశంలో పనిచేసే పొట్టి నంబరు. కాబట్టి అన్నయ్య నాన్న ఫోన్ నుంచే చేశాడు. వాళ్లు అడిగినవి కొన్నే: ఏ బ్యాంకు, ఎంత డబ్బు, ఎన్ని గంటలకు, యూపీఐ లావాదేవీకి ఉండే పన్నెండు అంకెల నంబరు. ఆ నంబరు యాప్‌లో పాత చెల్లింపుల జాబితాలో ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, వెతకడానికి పది నిమిషాలు పట్టింది. ఫిర్యాదు నంబరు ఇచ్చి, cybercrime.gov.in లో పూర్తి వివరాలు నింపమన్నారు. అదే సాయంత్రం నింపాం. మర్నాడు పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చాం. 31,000 ఒక ఖాతాలో ఆగి దొరికింది. అది కోర్టు ఉత్తర్వు మీద ఐదు నెలలకు నాన్న ఖాతాకు తిరిగొచ్చింది. మిగతా 17,000 పోయింది.

ఆ వారమే నేను పదకొండు నియమాలు రాసి వాట్సాప్‌లో పంపాను. ఏ నంబరుతో మొదలైతే బ్యాంకు, ఏది ప్రకటన, ఏ భాషలో మాట్లాడితే అనుమానించాలి, ఇలాంటివన్నీ. అమ్మ రెండు రోజులు చదివి, "ఇందులో ఏది ఎప్పుడో నాకెలా తెలుస్తుందే?" అంది. ఆమె మాట నిజం. బ్యాంకులు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలన్నది మంచి ఏర్పాటే, కానీ నంబరు చూసి నమ్మడం అమ్మకు అలవాటైతే రేపు మరో రకంగా మోసపోతుంది. భాష గుర్తూ అంతే, వాళ్లలో తెలుగు వచ్చినవాళ్లూ ఉంటారు. ఫోన్ చేసింది ఎవరో గుర్తుపట్టమని డెబ్బై ఏళ్లవాళ్లను అడగకూడదు, ఏం చేయాలో మాత్రమే చెప్పాలి అని అప్పుడు అర్థమైంది. అందుకే రెండోసారి కాగితం మీద, పెద్ద అక్షరాలతో ఈ ఉత్తరం రాశాను. అన్నయ్య అక్కడ ప్రింటు తీయించి ఫోన్ చార్జర్ పైన గోడకు అతికించాడు.

"అమ్మా, నాన్నా,

ఎవరు ఫోన్ చేసినా, డబ్బు, కేసు, ఆధార్, పెన్షన్, కేవైసీ అన్న మాట వస్తే ఫోన్ పెట్టేయండి. జవాబు చెప్పక్కర్లేదు. వాళ్ల మాట మధ్యలో ఉన్నా పెట్టేయండి. అది అమర్యాద కాదు. మన వివరాలు వాళ్లకు తెలిసినంత మాత్రాన వాళ్లు అధికారులు కారు. మన కాగితాల జిరాక్సులు ఎన్ని చోట్ల ఇచ్చామో గుర్తు చేసుకోండి. నిజంగా బ్యాంకుకు పని ఉంటే మీరే బ్రాంచికి వెళ్లి అడగండి, లేదా పాస్‌బుక్ మీద ఉన్న నంబరుకు చేయండి. వాళ్లు ఇచ్చిన నంబరుకు, ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయవద్దు. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్‌కు కూడా ఫోన్లో ఎవరికీ ఏమీ చెప్పవద్దు, అన్నయ్యతో వెళ్లి ఇచ్చి రండి.

'ఎవరికీ చెప్పవద్దు' అని ఎవరైనా అంటే, వెంటనే ఒకరికి చెప్పండి. నాన్న అమ్మకి, అమ్మ నాన్నకి. తర్వాత అన్నయ్యకి, నాకు. మీ ఇద్దరి నంబర్లకు మాత్రం నా ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగేలా పెట్టాను. అర్ధరాత్రైనా చేయండి.

ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఎవరికీ చదివి చెప్పవద్దు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి అంటే అది మన డబ్బు తీసుకోవడానికే. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కి ఏ యాప్ పెట్టుకోవద్దు.

నా గొంతుతోనే ఫోన్ వచ్చి, యాక్సిడెంట్ అయింది, పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపండి అని ఏడ్చినా నమ్మవద్దు. గొంతును మిషన్‌తో తయారు చేస్తున్నారు. మనం అనుకున్న ప్రశ్న అడగండి. జవాబు ఈ కాగితం మీద రాయను, అది మన ముగ్గురికే తెలియాలి. జవాబు రాకపోతే పెట్టేసి, ఎప్పుడూ చేసే నా నంబరుకు మీరే చేయండి.

ఒకవేళ డబ్బు పోతే, ముందు 1930కి చేయండి. తర్వాత నాకు చెప్పండి. ఎంత పోయినా నేను తిట్టను. ఈ మాట మాత్రం రోజూ ఒకసారి చదవండి."

ఉత్తరం అతికించాక పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. నాన్నకు ఫోన్ పెట్టేయడం చేతకాలేదు. రైల్వే స్టేషన్‌లో కంట్రోల్ ఫోన్ మోగితే పరిగెత్తి తీయాలి, అవతలివాళ్లు ముగించాకే పెట్టాలి. ఆ అలవాటుతోనే ఆయన జీవితం గడిచింది. అందుకని ఆదివారాలు ప్రాక్టీస్ మొదలుపెట్టాం. నేను ఆఫీసరులా మాట్లాడతాను, ఆయన పెట్టేయాలి. మొదటి మూడు వారాలు "సార్, ఒక్క నిమిషం వినండి" అంటే చాలు, వినేవారు. నాలుగో వారం నుంచి 'ఆధార్' అన్న మాట దగ్గరే పెట్టేశారు. అమ్మకు ఈ ఇబ్బంది లేదు. మొదటి రోజే నేను "హలో మేడమ్" అనగానే పెట్టేసింది.

ప్రశ్న ఎంచుకోవడానికీ కొంత సమయం పట్టింది. పుట్టినరోజు, బడి పేరు లాంటివి నా ఫేస్‌బుక్‌లోనే ఉన్నాయి. చివరికి నా చిన్నప్పుడు మా పెరట్లో జరిగిన ఒక చిన్న సంగతి తీసుకున్నాం. దానికి ఫొటో లేదు, ఎక్కడా రాసింది లేదు.

ఈ పద్ధతికి నష్టం కూడా ఉంది. ఫిబ్రవరిలో పోస్టాఫీసు నుంచి నిజంగానే ఫోన్ వచ్చింది, నేను పంపిన మందుల పార్సిల్‌కు ఆధార్ చూపించి తీసుకెళ్లమని. నాన్న మధ్యలోనే పెట్టేశారు. పార్సిల్ నాలుగు రోజులు అక్కడే ఉంది. నేను ట్రాకింగ్ చూసి చెబితే, నాన్న ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని వెళ్లి తెచ్చుకున్నారు. "అనవసరంగా పెట్టేశానమ్మా" అన్నారు. మంచి పనే చేశారు నాన్నా, పోస్టాఫీసు ఎక్కడికీ పోదు కదా అన్నాను. "అవును, నడుచుకుంటూ పది నిమిషాలు" అని, మందుల సీసాలు ఒక్కొక్కటే కెమెరా ముందు పెట్టి చూపించారు.