గారు పెట్టినా మర్యాద తప్పేది ఎక్కడ?

విదేశాల్లో పెరిగే పిల్లలకు మనం మొదట నేర్పేది ‘పెద్దవాళ్ళ పేరు చివర గారు పెట్టు’ అని. వాళ్ళు పెడతారు కూడా. సెలవులకు హైదరాబాద్ వచ్చాక తాతయ్య స్నేహితుడి ఇంటికి ఫోన్ చేసి ‘రావు గారు ఉన్నాడా? అతనికి ఒక మాట చెప్పాలి. నువ్వెవరు?’ అంటారు. గారు ఉంది, మర్యాద లేదు. దానికన్నా గారు లేకుండా ‘రావు అంకుల్ ఉన్నారా?’ అన్నా ఎంతో నయం.

గారు బహువచనంలా నడుస్తుంది. ఒక్క మనిషి గురించే అయినా క్రియ ‘ఉన్నారు, వచ్చారు’ అనే రావాలి. ఇంగ్లీషులో పేరు ముందు ఒక మాట చేరిస్తే గౌరవం వచ్చేస్తుంది, క్రియ మారదు. అందుకే పిల్లల చెవి క్రియ మీద ఉండదు. ‘టీచర్ గారు వచ్చింది’ అనేదీ ఇదే తప్పు. కాబట్టి ముందు క్రియను సరిచేయించండి, ఆ తర్వాత సర్వనామాన్ని: ‘రావు గారు ఉన్నారాండీ? ఆయనకు ఒక మాట చెప్పాలి. మీరెవరండీ?’ తెలంగాణ మాటలో ‘వచ్చిండ్రు’ అన్నా గౌరవమే. ‘వచ్చిండు’ అంటే పోయింది.

‘గారుకి, గారుతో’ అనడం ఇంకో పొరపాటు. గారికి, గారితో, గారింటికి అనాలి. తన పేరుకు తానే గారు తగిలించుకునే పిల్లలూ ఉంటారు. అది ఎప్పుడూ ఎదుటివాళ్ళకే.

హిందీ వచ్చిన పిల్లలు ‘జీ’లాగా ఉత్త ‘గారూ’ అని పిలుస్తారు. అది కుదరదు, గారుకు ముందు పేరో, వరసో, పదవో ఉండాల్సిందే. పేరు తెలియని కొత్తవాళ్ళ దగ్గర ఆ పని ‘అండీ’ చేస్తుంది: ‘ఏమండీ, కోఠి బస్సు ఇక్కడ ఆగుతుందా?’ ఆటో ఆయన్ని హైదరాబాద్‌లో ‘అన్నా’ అంటే చాలు. ఇక్కడివాళ్ళు ‘వస్తవా అన్నా’ అని చనువుగానే అడుగుతారు కానీ, యాస పట్టుబడని పిల్లల నోట ‘అన్నా, వస్తారా?’ అనేదే బాగుంటుంది.

ఆఫీసులో అధికారి ఎదురుగా ఉంటే ‘సార్’, ‘మేడమ్’ సరిపోతాయి. ఆయన గురించి గుమాస్తాను అడిగేటప్పుడు గారు కావాలి: ‘తహసీల్దార్ గారు ఎప్పుడొస్తారండీ?’ అర్జీ మీద అయితే ‘తహసీల్దార్ గారికి’.

ఇంత నేర్పాక కొందరు పిల్లలు కన్నతల్లినే ‘అమ్మగారూ’ అని పిలవడం మొదలుపెడతారు. కొన్ని ఇళ్ళల్లో నాన్నగారు అనే పిలుపు మామూలే, కానీ అమ్మగారు అంటే ఇంట్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని పిలిచినట్టుంటుంది. స్నేహితుడి తల్లి గురించి ‘మీ అమ్మగారు బాగున్నారా?’ అనాలి. సొంత అమ్మను ‘అమ్మా, తిన్నావా?’ అంటే ఏ లోటూ లేదు.