అక్క ఇంటికి వాషింగ్ మెషీన్: పదిళ్లోళ్లం కలిసి కొన్నప్పుడు నా అనుభవం

పోయిన నెల మిర్యాలగూడలో మా అక్క గృహప్రవేశం అయింది. ఇంకా కడుపులో మంట చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్న. మావాళ్లెవరో తెలియకుండా వరసలు మార్చిన.

గిన్నెలూ గడియారాలే మళ్లీ మళ్లీ రాకుండా అక్కతో షాపింగ్ యాప్‌లో విష్ లిస్ట్ పెట్టించిన. పది నిమిషాల పని. లింకు ఉన్నవాళ్లు చూసేటట్టు మాత్రమే పెట్టాలి, మార్చే హక్కు ఇయ్యొద్దు. ఇంకోటి, ఆ లింకు తెరిచి అందులోంచి కొంటేనే ఆ వస్తువు కొన్నట్టు మిగతావాళ్లకు కనిపిస్తది. దుకాణంలో కొంటే లిస్టుకు తెల్వదు. మా మేనత్త నల్లగొండ గడియారం సెంటర్‌లో మిక్సీ కొన్నది, లిస్టులోంచి ఇంకొకరు కొన్నరు. రెండు మిక్సీలొచ్చినయి.

అసలు కథ వాషింగ్ మెషీన్‌ది. ధర 22,990. అంత పెద్ద వస్తువుకు నలుగురు డబ్బులు జమ చేస్తున్నరని లిస్టులో ఎక్కడా కనిపించదు. కొన్నదాకా ఖాళీగానే ఉంటది. అందుకే వాట్సాప్‌లో అక్కను చేర్చకుండా వేరే గ్రూపు పెట్టి, "మెషీన్ మనం తీసుకుంటున్నం, ఎవరూ కొనకండి" అని ముందే రాసిన. అది మంచి పనే చేసిన.

తప్పు ఆ తర్వాత చేసిన. పదిళ్లకు సమంగా పంచి తలా 2,300 అన్న. ఇదివరకు యూపీఐలో ఫలానా ఇంత పంపమని మనిషికి రిక్వెస్ట్ పెట్టే వీలుండేది. 2025 అక్టోబర్ 1 నుంచి మనుషుల మధ్య అది తీసేసిన్రు. ఇంటింటికీ ఫోన్ చేసి అడగలేక, పది పేర్లు రాసి, పంపినవాళ్ల పేరు ముందు టిక్కు పెట్టి రోజూ గ్రూపులో పెట్టిన. నాలుగో రోజుకు ఒక్క పేరు ముందే టిక్కు లేదు. అది దేవరకొండ దిక్కు ఉండే మా చిన్నాయినది.

రాత్రి ఆయన ఫోన్ చేసిండు. "బిడ్డా, పత్తి పైసలింకా రాలే. గంతమందిల నన్ను బాకీదారును జేస్తివి గదా." నా నోట మాట రాలేదు. తెల్లారి ఆయన నుంచి 500 వచ్చినయి. నేను ఏమీ రాయకుండా పేరు ముందు టిక్కు పెట్టిన.

నా క్రెడిట్ కార్డు మీద 1,500 తగ్గింపు వచ్చి బిల్లు 21,490 అయింది. తొమ్మిదిళ్లు, నా వంతుతో కలిపి 20,700. చిన్నాయిన 500తో 21,200. తక్కువపడ్డ 290 నేనే వేసిన. మిర్యాలగూడ పిన్‌కోడ్‌కు డెలివరీ ఉందో లేదో ముందే చూసుకున్న కాబట్టి మెషీన్ టైముకే వచ్చింది.

గృహప్రవేశం నాడు బంతిల కూర్చున్నప్పుడు పెద్దబావ అందరి ముందు అడిగిండు. "మరదలా, కార్డు మీద తగ్గింపు వచ్చిందంట గదా, ఆ పదిహేను వందలు ఏడవాయె?" విస్తరి ముందు అందరూ నా దిక్కే చూసిన్రు. ఎదురు బంతిల చిన్నాయిన తల దించుకొని అన్నం కలుపుతున్నడు. లెక్క చెప్తే ఆయన పరువు పోతది. చెప్పకపోతే నేను దొంగనయిత. "తర్వాత చెప్త బావా" అని లేచి వంటల దిక్కు పోయిన. తిననే లేదు.

చదివింపులప్పుడు మైకులో ఎంతిచ్చిందీ పేరుతో చదువుతరు, నిజమే. కానీ అక్కడ ఎవరికి తోచింది వాళ్లు ఇస్తరు, ఇయ్యనోళ్ల పేరు ఎవరూ చదవరు. నేను చదివింది ఇయ్యనోళ్ల పేరు. పైగా సమంగా పంచడంతోనే చిక్కు వచ్చింది. తలా ఇంత అని ముందే చెప్పినంక ఎక్కడ తక్కువపడ్డా ఎవరివల్లనో లెక్కేసి పట్టుకోవచ్చు.

అందుకే మొన్న మా చెల్లె సీమంతానికి ఉయ్యాల కొనేటప్పుడు పద్ధతి మార్చిన. ఎవరికి ఎంత వీలైతే అంత, ఫలానా తారీఖులోగా నాకే పంపమని చెప్పిన. గ్రూపులో పేర్లు పెట్టలే. "ఇప్పటిదాకా ఇంత జమైంది" అని మొత్తం ఒక్కటే రాసిన. జమైనదాన్ని బట్టే ఉయ్యాల ఎంచినం. డబ్బులు నా దగ్గరకొస్తే కార్డు మాత్రం మా తమ్ముడిది. తగ్గింపు పోను వచ్చిన బిల్లు ఫోటో వాడే ఆర్డర్ పెట్టిన నిమిషంలో గ్రూపులో వేసిండు. మిగిలిన 340తో పుట్టబోయే బిడ్డకు దోమతెర తీసుకుంటున్నమని కూడా అప్పుడే చెప్పినం. ఉయ్యాలతో ఇచ్చిన గ్రీటింగ్ కార్డు మీద పేర్లు వయసు వరసలో రాసినం, ఇచ్చిన సొమ్ము వరసలో కాదు.

చిన్నాయిన ఈసారి అందరికంటే ముందు పంపిండు. పెద్దబావకు మాత్రం ఆ 1,500 లెక్క నేనింకా చెప్పలేదు, చెప్పను కూడా.