ఆరు పివట్ల తర్వాత మళ్లీ మొదటికే: సింప్లెక్స్‌తో నా అనుభవం

ఎమ్మెస్సీ చివరి సెమిస్టరులో, ఇచ్చిన హద్దుల్లో ఒక విలువను గరిష్ఠం చేసే లెక్కలకు వాడే సింప్లెక్స్ మెథడ్‌కి పైథాన్‌లో సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నాను. క్లాసులో చేసిన లెక్కలన్నిటికీ సరైన జవాబులే ఇచ్చింది. మా ఆపరేషన్స్ రీసెర్చ్ మేడమ్ దాన్ని చూసి, కాగితం మీద ఒక చిన్న లెక్క రాసిచ్చి "ఇది కూడా పెట్టి చూడమ్మా" అన్నారు. 1955లో ఈ.ఎం.ఎల్. బీల్ ప్రచురించిన ఉదాహరణ అది.

```
max z = (3/4)x4 - 20x5 + (1/2)x6 - 6x7
x1 + (1/4)x4 -  8x5 -      x6 + 9x7 = 0
x2 + (1/2)x4 - 12x5 - (1/2)x6 + 3x7 = 0
x3                  +      x6       = 1
```

అన్ని వేరియబుల్సూ సున్నా లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. x1, x2, x3 స్లాక్ వేరియబుల్స్, మొదటి బేసిస్ అవే, అంటే మిగతావాటిని సున్నా చేస్తే సమీకరణాలు విలువ తేల్చేది ఈ మూడింటికి. రౌండింగ్ తప్పులు రాకుండా నేను ముందే `Fraction` వాడాను. రన్ చేస్తే ప్రోగ్రాం ఆగలేదు.

ముందు నా కోడ్‌లోనే ఎక్కడో గుర్తు తప్పిందనుకున్నాను. ప్రతి పివట్ తర్వాత, అంటే బేసిస్‌లోకి ఒక వేరియబుల్ వచ్చి ఇంకొకటి బయటికి వెళ్లిన ప్రతిసారీ, బేసిస్‌నీ z విలువనీ ప్రింట్ చేయించాను. z ఎప్పుడు చూసినా సున్నాయే. బేసిస్ మాత్రం మారుతూనే ఉంది. ఆ రాత్రి కూర్చుని చేత్తో లెక్క చేశాను. లోపలికి వచ్చేది z వరసలో అన్నిటికన్నా పెద్ద ధన సంఖ్య ఉన్న వేరియబుల్. ప్రతి వరసలో కుడివైపు సంఖ్యను, లోపలికి వచ్చేదాని ధన సంఖ్యతో భాగిస్తే రేషియో వస్తుంది. బయటికి వెళ్లేది కనిష్ఠ రేషియో ఉన్న వరసలోది, రెండు రేషియోలు సమానమైతే పై వరసలోది. ఇదే నా ప్రోగ్రాం పద్ధతి, క్లాసులో నేర్చుకున్నదీ ఇదే.

మొదట x4 వచ్చింది. రెండు వరసల్లోనూ రేషియో 0. టై పడింది కాబట్టి పై వరసలోని x1 వెళ్లింది. తర్వాత x5 వచ్చి x2 వెళ్లింది. మూడోసారి x6 వచ్చింది, మళ్లీ టై, x4 వెళ్లింది. ఆపైన x7 వచ్చి x5 వెళ్లింది. ఐదోసారి x1 తిరిగి వచ్చింది, టైలో x6 వెళ్లింది. ఆరోసారి x2 వచ్చి x7 వెళ్లింది. అప్పుడు టేబుల్ చూస్తే మేడమ్ రాసిచ్చిన మొదటి టేబులే, ఒక్క అంకె తేడా లేదు. కోడ్‌లో తప్పు లేదని అప్పుడు అర్థమైంది. ఈ పద్ధతిలో వెళితే ప్రతి ఆరు పివట్లకూ ఇక్కడికే వస్తాం. దీన్నే సైక్లింగ్ అంటారు.

కారణం మొదటి రెండు సమీకరణాల్లో కుడివైపున్న సున్నాలు. నాలుగు వేరియబుల్స్ ఉన్న లెక్కలో ఒక మూలను తేల్చడానికి నాలుగు హద్దులు చాలు. ఇక్కడ x4 నుంచి x7 వరకు అన్నీ సున్నా అయిన మూలలో ఆరు హద్దులు కలుస్తున్నాయి. దీన్నే డిజెనరసీ అంటారు. బేసిస్‌లోని వేరియబుల్ విలువ ముందే సున్నా కాబట్టి లోపలికి వచ్చేది కూడా సున్నా దగ్గరే ఆగిపోతుంది. పివట్ చేస్తున్నాం కానీ ఆ మూల నుంచి కదలట్లేదు. ఆ ఒక్క మూలకే వేరే వేరే బేసిస్ పేర్లు పెడుతున్నాం, అంతే.

z కదలనంత మాత్రాన సైక్లింగ్ అని అనకూడదు. డిజెనరేట్ లెక్కల్లో z కొన్ని పివట్లపాటు ఆగి, తర్వాత కదలడం మామూలే. వచ్చిన బేసిసే మళ్లీ వచ్చిందా అన్నదే గుర్తు. ఏడు వేరియబుల్స్‌లో మూడింటిని 35 రకాలుగానే ఎంచుకోగలం. నా ప్రోగ్రాం అప్పటికే వందల పివట్లు దాటింది.

మర్నాడు మేడమ్‌కి చెబితే, 1977లో రాబర్ట్ బ్లాండ్ ఇచ్చిన నియమం వాడమన్నారు. టై పడితే ఇండెక్స్ చిన్నదాన్ని బయటికి పంపాలి. నేను అంతవరకే విని వచ్చి, ఆ ఒక్క మార్పు చేసి రన్ చేశాను. మళ్లీ అదే లూప్! చాలా టెన్షన్ పడ్డాను. కాగితం తీసి చూస్తే, మూడు టైలలోనూ వెళ్లినవి x1, x4, x6. వాటితో టై పడినవి x2, x5, x7. అంటే చిన్న ఇండెక్స్ నియమాన్ని నా పాత ప్రోగ్రాం తెలియకుండానే పాటిస్తోంది. నేను వదిలేసింది నియమంలో మొదటి సగం. లోపలికి వచ్చేదాన్ని కూడా, z వరసలో ధన సంఖ్య ఉన్నవాటిలో ఇండెక్స్ చిన్నదాన్నే తీసుకోవాలి. ఆ సంఖ్య ఎంత పెద్దదన్నది చూడకూడదు.

```python
e = min(j for j in nonbasic if c[j] > 0)
rows = [i for i in range(m) if a[i][e] > 0]
r = min(rows, key=lambda i: (b[i] / a[i][e], basis[i]))
```

ఈసారి మొదటి మూడు పివట్లూ పాతవే. నాలుగో పివట్ దగ్గర x1కి 2, x7కి 3 ఉన్నాయి. పాత పద్ధతి 3 చూసి x7ని తెచ్చేది. ఇప్పుడు x1 వచ్చి x5 వెళ్లింది. ఐదోసారి x2 వచ్చింది, x3 వెళ్లింది, z మొదటిసారి సున్నా దాటి 1/2 అయింది. ఆరోసారి x4 వచ్చి x2 వెళ్లింది, z = 5/4. z వరసలో ధన సంఖ్య ఇక లేదు. x4 = 1, x6 = 1, x1 = 3/4. ఈ జవాబు కూడా ఆరు పివట్లకే వచ్చింది.

ఇండెక్స్‌కీ లూప్‌కీ సంబంధం ఏమిటో తెలిసేదాకా నాకు నిద్ర పట్టలేదు. లూప్ ఉందనుకుందాం. అందులో వస్తూ పోతూ ఉండే వేరియబుల్స్‌లో ఇండెక్స్ అన్నిటికన్నా పెద్దదాన్ని పట్టుకోవాలి. అది లోపలికి వస్తున్న టేబుల్‌లో, లూప్‌లోని మిగతావి వేటికీ z వరసలో ధన సంఖ్య లేదు, ఉంటే చిన్న ఇండెక్స్‌ది వచ్చేది. అది బయటికి వెళ్తున్న టేబుల్‌లో, లోపలికి వచ్చేదాని నిలువు వరసలో లూప్‌లోని మిగతావి వేటికీ ధన సంఖ్య లేదు, ఉంటే టైలో అదే వెళ్లేది. ఇప్పుడు ఈ రెండో టేబుల్ చెప్పిన దిశలో చిన్న అడుగు వేసి, z ఎంత మారిందో రెండు టేబుళ్లతోనూ కొలవాలి. రెండో టేబుల్ లాభం అంటుంది, మొదటిది నష్టం అంటుంది. రెండూ అవే సమీకరణాలు కాబట్టి అలా జరగదు. కాబట్టి లూప్ ఉండదు. నియమంలోని రెండు సగాలూ ఎందుకు కావాలో నాకు ఇక్కడే స్పష్టమైంది.

లోపలికి వచ్చేదాన్ని మన ఇష్టానికి వదిలేసి, టైని మాత్రమే తేల్చే పద్ధతి కూడా ఉంది, లెక్సికోగ్రాఫిక్ నియమం. కుడివైపు సున్నాల స్థానంలో ε, ε² అనే అతి చిన్న విలువలు ఉన్నట్టు ఊహించుకోవాలి. మొదటి పివట్‌లో రేషియోలు 4ε, 2ε² అవుతాయి. ε² ఇంకా చిన్నది కాబట్టి x1 కాదు, x2 వెళ్లాలి. అలా చేస్తే వెంటనే x6 వచ్చి x3 వెళ్తుంది, z = 5/4. రెండే పివట్లు! అన్ని లెక్కల్లోనూ ఇంత త్వరగా అయిపోతుందని కాదు.

బ్లాండ్ నియమం లూప్ పడనివ్వదు కానీ, పెద్ద సంఖ్యను చూడదు కాబట్టి చాలా లెక్కల్లో ఎక్కువ పివట్లు తీసుకుంటుంది. అందుకే నా ప్రోగ్రాం మామూలుగా పెద్ద సంఖ్య పద్ధతిలోనే నడుస్తుంది. వరసగా ఇరవై పివట్లపాటు z కదలకపోతే బ్లాండ్‌కి మారుతుంది, z కదలగానే పాత పద్ధతికి వస్తుంది. బీల్ లెక్క పెడితే ఇప్పుడు మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టులో బయటపడుతుంది.