హయ్యర్ గ్రేడ్ టైలరింగ్: నన్ను ఒకసారి ఫెయిల్ చేసిన ష్రింకేజ్ లెక్క

మొన్న వచ్చిన ఫలితాల్లో టైలరింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష పాసయ్యాను. పోయినసారి పరీక్షలో నన్ను ముంచిన ఒక్క లెక్క గురించే, అంటే ఉతికితే గుడ్డ ఎంత కుంచించుకుపోతుందో చూసి కత్తిరించే లెక్క గురించే రాస్తున్నాను.

ఉతికితే నిలువున 8 శాతం, అడ్డంగా 3 శాతం కుంచించుకుపోయే నూలు గుడ్డతో కుర్తా కుట్టాలి. ఉతికిన తరువాత పొడవు 100 సెంటీమీటర్లు ఉండాలి. భుజం కుట్టుకూ కింది మడతకూ కలిపి మరో 4. నేను 104కు 8 శాతం కలిపి 112.3 అని రాశాను. అయితే గుడ్డ ఆ 8 శాతాన్ని కోల్పోయేది మనకు కావలసిన కొలతలోంచి కాదు, కత్తిరించిన కొలతలోంచి. అందువల్ల 112.3 ఉతికాక 103.3 అవుతుంది. 104ను 0.92తో భాగిస్తే వచ్చే 113 సెంటీమీటర్లే సరైన జవాబు. కుట్టు, మడత కూడా కుంచించుకుపోతాయి కనుక వాటిని ముందే కలిపి, ఆ తరువాతే భాగించాలి.

దీన్ని చిన్న తేడాగా సరిపెట్టుకోవచ్చు. అసలు తప్పు అడ్డం కొలతలో జరిగింది. ఛాతీ చుట్టుకొలతలో నాలుగో వంతు, కుట్టుతో సహా, 28 సెంటీమీటర్లు. దానికీ అలవాటుగా 8 శాతమే కలిపి 30.2 అన్నాను. అడ్డంగా తగ్గేది 3 శాతమే కాబట్టి ఉతికాక అది 29.3 దగ్గర నిలుస్తుంది. నాలుగు భాగాలకూ కలిపి 5 సెంటీమీటర్లకు పైగా వదులైపోతుంది. 28ని 0.97తో భాగించి 28.9కి కత్తిరించి ఉండవలసింది. లెక్కలు రాక చేసిన తప్పు కాదది, నిలువుకూ అడ్డానికీ తేడా ఎందుకుంటుందో తెలియక చేసింది.

అది పొందూరులో నేత నేసే మా మామయ్య దగ్గర తెలిసింది. "మగ్గం మీద పడుగును బిగలాగి ఉంచుతాం కదమ్మా, నీళ్లు తగిలితే ఆ బిగువు వదిలేస్తుంది" అన్నారు. పడుగంటే గుడ్డలో నిలువు దారాలు. అడ్డంగా వచ్చే పేకకు అంత బిగువు ఉండదు కనుక సాధారణంగా అది తక్కువ తగ్గుతుంది.

ఆ తరువాత ప్రతి తానులోనూ ఒక ముక్క తీసి, అంచుకు దూరంగా, నిలువునా అడ్డంగానూ 50 సెంటీమీటర్ల ఎడంతో దారంతో గుర్తులు కుట్టి ఉతికి చూశాను. చివరలు పీచులు లేస్తాయి కనుక కొలత గుర్తుల మధ్యే తీయాలి. తడి మీద కొలవకూడదు. పరిచి ఆరబెట్టాక, లాగకుండా ఇస్త్రీ చేసి కొలవాలి, ఎందుకంటే లాగి ఇస్త్రీ చేస్తే పోయిన పొడవు తాత్కాలికంగా తిరిగి వచ్చినట్టు కనిపించి మోసం చేస్తుంది. ఒక ముక్క నిలువున మొదటి ఉతుకులో 46.5కి, మూడో ఉతుకులో 46కి వచ్చి ఆగింది. మొదటి ఉతుకునే నమ్మి ఉంటే 7 శాతం అనుకుని కుర్తాను ఒక సెంటీమీటరు కురచ చేసేదాన్ని.

గుడ్డను ముందే ఇలా కొలత ఆగేదాకా తడిపి ఆరబెట్టి ఉంటే మాత్రం ఈ భాగహారం చేయకండి. ప్రశ్నలో ఆ మాట ఉందేమో ఈసారి నేను రెండుసార్లు చదివాకే పెన్ను పట్టాను.