ఎనిమిది రూపాయి బిళ్లలు, ఒక క్విక్‌సార్ట్ ప్రశ్న

గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్‌కు చదువుతున్న మిత్రుల కోసం, నన్ను వారం రోజులు వదలకుండా పట్టుకున్న ఒక ప్రశ్న గురించి రాస్తున్నాను. గత నవంబరులో రాసిన ఒక మాక్ టెస్టులో వచ్చింది. అరేలో 1,024 మూలకాలు, అన్నింటి విలువా ఒకటే. లొముటో పార్టిషన్ వాడతారు, ప్రతిసారీ పివట్‌ను ర్యాండమ్‌గా ఎంచుకుంటారు. సమయం ఎంత?

నేను తడుముకోకుండా O(n log n) పెట్టాను. వరుసలో ఉన్న అరేకు చివరి మూలకాన్ని పివట్‌గా తీసుకుంటే n² అవుతుందని, ర్యాండమ్ పివట్ దానికి విరుగుడని చదువుకున్నాను కదా! జవాబు O(n²). రెండు మార్కులు పోయాయి, పైగా 2/3 మార్కు కోత.

ఆ రాత్రి చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్‌లోని గదికి వచ్చాక మా రూమ్మేట్‌కు చూపించాను. అతను జేబులోంచి ఎనిమిది రూపాయి బిళ్లలు తీసి బల్ల మీద వరుసగా పేర్చాడు. “నీ ఇష్టం వచ్చిన బిళ్లను పివట్‌గా తీసుకో. ఏది తీసుకున్నా రూపాయే కదా!” అన్నాడు. నా పొరపాటు అక్కడే అర్థమైంది. పివట్‌ను ఎంచుకోవడానికి వేరే విలువంటూ ఉంటేనే ర్యాండమ్ పనికొస్తుంది.

తర్వాత లొముటో లూప్‌ను బిళ్లల మీద నడిపించాం. ర్యాండమ్‌గా ఎంచుకున్న పివట్‌ను ముందు చివరికి మార్చి, ఇలా మొదలుపెడతారు:

```
i = low - 1
for j = low to high-1:
    if a[j] <= pivot:
        i = i + 1
        swap(a[i], a[j])
swap(a[i+1], a[high])
return i + 1
```

ప్రతి బిళ్లా పివట్‌కు సమానమే కాబట్టి `<=` ప్రతిసారీ నిజమవుతుంది. j ఒక అడుగు వేస్తే i కూడా ఒక అడుగు వేస్తుంది. చివరికి పివట్ కుడి కొసనే మిగులుతుంది: ఎడమవైపు ఏడు, కుడివైపు సున్నా. మళ్లీ ఆరు, సున్నా. పోలికలు 7+6+5+4+3+2+1, మొత్తం 28. `<=` బదులు `<` రాసినా తప్పించుకోలేం, అప్పుడు ఏడూ కుడివైపు చేరతాయి.

ఇప్పుడు హోర్ పద్ధతి. రెండు వేళ్లు, ఒకటి ఎడమ కొస నుంచి, ఒకటి కుడి కొస నుంచి. ఎడమ వేలు `a[i] < pivot` అయినంతసేపే కదులుతుంది, కుడి వేలు `a[j] > pivot` అయినంతసేపే. సమానమైనది కనిపిస్తే రెండూ ఆగుతాయి, స్వాప్ చేస్తాయి, ఒక్కో అడుగు లోపలికి వస్తాయి. రూపాయిని రూపాయితో మార్చడం దండగ పనిలా కనిపిస్తుంది. కానీ అలా ఆగడం వల్లనే రెండు వేళ్లూ సరిగ్గా మధ్యలో కలుస్తాయి: నాలుగు, నాలుగు.

నన్ను బాగా ఆకట్టుకున్నది లెక్క. ఎనిమిది బిళ్లలకు హోర్ పోలికలు 38, లొముటో కంటే ఎక్కువే! వేళ్లు దాటిపోయే చోట ప్రతి పార్టిషన్‌కూ రెండు పోలికలు అదనంగా పడతాయి. అదే 1,024 మూలకాలకు హోర్ 12,286 దగ్గర ఆగితే, లొముటో 5,23,776కు చేరుతుంది. రికర్షన్ లోతు ఒకదానికి పది, మరొకదానికి వెయ్యికి పైనే. లొముటో శైలినే ఉంచాలనుకుంటే, పివట్‌కు సమానమైనవాటిని మధ్యలో విడిగా పోగుచేసే మూడు భాగాల పార్టిషన్ వాడాలి. మన బిళ్లలకు అది ఒక్క దఫాలో ముగుస్తుంది.

దీనికి ఆనుకునే ఇంకో మెలిక ఉంది. చెడ్డ పివట్ అంటే ఎంత చెడ్డది? ప్రతిసారీ పదింట ఒక వంతు, తొమ్మిది వంతులుగా విడిపోయినా సమయం O(n log n)యే, లోతు మాత్రం పెరుగుతుంది. కానీ ప్రతిసారీ ఒక పక్కన కచ్చితంగా పది మూలకాలే మిగిలితే T(n) = T(n-10) + cn అవుతుంది, అది n²కే పోతుంది. వంతుకూ స్థిరసంఖ్యకూ ఉన్న ఈ తేడాను నేను చాలాకాలం గమనించలేదు. మంచి విభజన, చెడ్డ విభజన ఒకటి విడిచి ఒకటి వచ్చినా n log n దాటదు. చెడ్డ విభజన విడవకుండా వస్తేనే n².

జనవరిలో మరో టెస్టులో హోర్ పార్టిషన్ ఇచ్చి, పివట్‌గా `a[high]` తీసుకుని, j తిరిగిచ్చి, (low, j), (j+1, high) మీద రికర్షన్ నడిపితే ఏమవుతుందని అడిగారు. ఈసారి రఫ్ కాగితం మీద [1, 2] అని రెండే అంకెలు వేశాను. పివట్ 2. ఎడమ వేలు 1ని దాటి 2 దగ్గర ఆగింది, కుడి వేలు కదలకుండా అక్కడే ఉంది. తిరిగివచ్చిన j విలువ 1. అంటే quicksort(0, 1) మళ్లీ quicksort(0, 1)నే పిలుస్తోంది, ఎప్పటికీ ఆగదు.