పది గంటల సదస్సును ప్లాన్ పరిమితుల్లో ఇమిడ్చిన వైనం

మా సాహిత్య సంఘం ఉదయం 9 నుంచి రాత్రి 7 వరకు జరిపే ఒకరోజు సదస్సును ప్రత్యక్ష ప్రసారం చేసే బాధ్యత నాకు అప్పగించారు. మా యూట్యూబ్ ఛానెల్, మా ఫేస్‌బుక్ పేజీ, సదస్సులో భాగస్వామి అయిన మరో సంస్థ ఛానెల్, పేజీ, వీటితోపాటు మా వెబ్‌సైట్‌లోని ప్లేయర్: ఇన్ని చోట్ల ప్రసారం ఒకేసారి కనిపించాలని కోరారు. మా కంప్యూటర్ నుంచే ఓబీఎస్ అనే ప్రసార సాఫ్ట్‌వేర్‌తో నాలుగు ఛానెళ్లకు విడివిడిగా పంపితే అప్‌లోడ్ వేగం నాలుగింతలు కావాలి కనుక, ఒక్క ప్రసారాన్ని అందుకొని తానే పలుచోట్లకు పంపే మధ్యవర్తి సేవను తీసుకున్నాము. ఆ సేవ ప్లాన్ పేజీలో ఇలా ఉంది: ఒకేసారి 3 గమ్యాలు, ఒక్కో ప్రసారం 12 గంటలు, రికార్డింగ్ 6 గంటల వరకు, స్టోరేజీ 25 జీబీ, సొంత ప్లేయర్‌లో 200 మంది వీక్షకులు. ఈ అంకెల్లో ఒక్కొక్కటీ దేన్ని కొలుస్తుందో తెలుసుకోవడానికే నాకు వారం రోజులు పట్టింది.

గమ్యాల విషయం త్వరగానే తేలింది. యూట్యూబ్ ఒకటి, ఫేస్‌బుక్ ఒకటి అని లెక్కించి రెండే అవుతాయనుకున్నాను. కానీ లెక్క వేదికలది కాదు, ఛానెళ్లది. రెండు ఫేస్‌బుక్ పేజీలు రెండు గమ్యాలే. అయితే ఖాతాకు ఎన్ని ఛానెళ్లు జతచేసి ఉంచినా అభ్యంతరం లేదు, ప్రసార సమయంలో ఆన్‌లో ఉన్నవి మాత్రమే లెక్కలోకి వస్తాయి. భాగస్వామి సంస్థ పేజీని ఆఫ్ చేసి, మా ఫేస్‌బుక్ ప్రసారాన్ని తమ పేజీలో షేర్ చేసుకోమని వారిని అడిగాము. వారు సంతోషంగా ఒప్పుకున్నారు.

నన్ను ఎక్కువగా ఆందోళనకు గురిచేసింది రికార్డింగ్. ఈ సదస్సుకు వచ్చే వక్తల్లో వయోవృద్ధులు ఉన్నారు. వారి మాటలు భద్రపరచడం ప్రసారం కన్నా ముఖ్యమని నా అభిప్రాయం. 12 గంటల ప్రసారం అని రాసి ఉంది కనుక పది గంటలూ రికార్డవుతుందని మొదట ధీమాగా ఉన్నాను. అనుమానం తీర్చుకోవడానికి ఒక రాత్రి తెరపై గడియారం కనిపించే వీడియోను, యూట్యూబ్‌లో లింకు ఉన్నవారికే కనిపించేలా అన్‌లిస్టెడ్‌గా పెట్టి, ఏడు గంటలపాటు నడిపాను. పొద్దున చూస్తే ప్రసారం నిక్షేపంగా సాగుతూనే ఉంది. రికార్డింగ్ ఫైలు మాత్రం సరిగ్గా ఆరు గంటల దగ్గర ఆగిపోయింది. తెరపై ఏ హెచ్చరికా లేదు. ఫైలు నిడివి చూసి, చివరి దృశ్యంలోని గడియారాన్ని చూస్తే తప్ప ఆ సంగతి తెలిసే మార్గం లేదు. సదస్సు రోజున ఇదే జరిగి ఉంటే మధ్యాహ్నం తరువాతి ప్రసంగాలు అక్కడ మిగిలేవి కావు.

ప్రసారాన్ని భోజన విరామంలో రెండుగా విడగొట్టడమే దారి అనిపించింది. ఫేస్‌బుక్ కూడా ఒక్కో ప్రసారాన్ని 8 గంటలకే పరిమితం చేస్తుంది కనుక, ఎలాగూ పది గంటలు ఏకబిగిన నడిపే వీలు లేదు. కానీ ఇక్కడే మరో చిక్కు ఎదురైంది. రెండో పరీక్షలో ఓబీఎస్‌లో ప్రసారం ఆపి, పది నిమిషాల తరువాత మళ్లీ మొదలుపెట్టాను. ఇంటర్నెట్ తెగిపోయిందేమోనని ఆ సేవ కొంతసేపు ఎదురుచూసి, రెండింటినీ ఒకే ప్రసారంగా కలిపేసింది. రికార్డింగ్ సమయం సున్నా నుంచి కాక, ఆగిన చోటు నుంచే కొనసాగింది. ఓబీఎస్‌ను ఆపితే చాలదు, సేవ డాష్‌బోర్డులో ప్రసారాన్ని ముగించి, కొత్తది సృష్టించాలి. అలా చేస్తే యూట్యూబ్‌లో మధ్యాహ్నానికి వేరే వీడియో, వేరే లింకు వస్తాయి. పాత లింకు దగ్గరే కూర్చున్నవారికి ముగిసిన ప్రసారమే కనిపిస్తుంది. అందువల్ల రెండు ప్రసారాలనూ ముందే షెడ్యూల్ చేసి, ఆహ్వానంలో ఉదయం లింకు, మధ్యాహ్నం లింకు అని విడిగా ముద్రించాము. విరామానికి ముందు చివరి నిమిషాల్లో రెండో లింకును తెరపై కూడా చూపించాము.

తరువాత స్టోరేజీ లెక్క వేశాను. వీడియోకు సెకనుకు 4500 కిలోబిట్లు, ఆడియోకు 160 పెట్టుకున్నాము. మొత్తం 4660ను బైట్లలోకి మార్చడానికి 8తో భాగించి, గంటలోని 3600 సెకన్లతో గుణిస్తే గంటకు సుమారు 2.1 జీబీ అవుతుంది. పావుగంట ముందు మొదలుపెట్టడంతో కలిపి ఉదయం 4 గంటల 45 నిమిషాలు, మధ్యాహ్నం 5 గంటలు, అంటే దాదాపు 20.5 జీబీ. 25లో హాయిగా పడుతుంది. కానీ డాష్‌బోర్డులో సగం స్టోరేజీ అప్పటికే నిండి ఉంది. నా రాత్రి పరీక్షలోని ఆరు గంటల ఫైలే 12.6 జీబీ ఆక్రమించింది. దాన్ని తొలగించినా లెక్క తగ్గలేదు. ట్రాష్‌లో ఉన్న ఫైళ్లను కూడా కలుపుతారని సహాయ విభాగం వారు చెప్పిన తరువాత దాన్ని ఖాళీ చేస్తేనే చోటు వచ్చింది. ఆ పని చేయకపోతే పరిమితులన్నీ పాటించినా సాయంత్రం రికార్డింగుకు చోటు ఉండేది కాదు. ఇంతా తెలిశాక, ఓబీఎస్‌లో స్థానికంగా కూడా ఎంకేవీ రూపంలో రికార్డు చేయాలని నిర్ణయించాను. కంప్యూటర్ మధ్యలో ఆగిపోయినా ఎంకేవీ ఫైలులో అప్పటివరకు నమోదైన భాగం దక్కుతుంది. మామూలు ఎంపీ4 అయితే మొత్తం ఫైలే తెరుచుకోకపోవచ్చు.

ఇక 200 మంది వీక్షకులు. ఈ పరిమితి మా వెబ్‌సైట్‌లో పెట్టిన ఆ సేవ ప్లేయర్‌కే వర్తిస్తుంది. యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో చూసేవారు ఇందులోకి రారు. మేము ఏడుగురం కలిసి ప్లేయర్ తెరిచి చూస్తే లెక్క 11 చూపించింది. నలుగురు ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెరిచారు. లెక్కించేది మనుషులను కాదు, కనెక్షన్లను. పైగా మూసేసిన ట్యాబు కూడా దాదాపు నిమిషం వరకు లెక్కలోనే ఉంది. ప్రారంభోత్సవ సమయంలో 200 దాటే అవకాశం ఉంది, దాటిన తరువాత వచ్చినవారికి నల్లటి తెర మీద సందేశం మాత్రమే కనిపిస్తుంది. దూరప్రాంతాల నుంచి ఆసక్తితో వచ్చిన పాఠకులకు అలా తలుపు మూయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ స్థానంలో మా యూట్యూబ్ ప్రసారాన్నే వెబ్‌సైట్‌లో పొందుపరిచాను. దృశ్యం కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చినా, ఇక ఆ పరిమితితో పని లేకుండా పోయింది.

సదస్సు రోజున చివరి గోష్ఠి నలభై నిమిషాలు ఆలస్యమైంది. మధ్యాహ్నం ప్రసారం 5 గంటల 40 నిమిషాలకు చేరేసరికి నేను గడియారం నుంచి చూపు తిప్పలేకపోయాను. ఆరు గంటల గీతకు ఇరవై నిమిషాల ముందు వందన సమర్పణ ముగిసింది. ఆ రాత్రే రెండు ఫైళ్లూ దించుకొని, వాటి నిడివిని స్థానిక రికార్డింగుతో పోల్చి, ఉదయం చివరి ప్రసంగాన్నీ సాయంత్రం చివరి మాటనూ తెరిచి విన్నాను. ఫేస్‌బుక్ ప్రత్యక్ష ప్రసారపు వీడియోను 30 రోజులే ఉంచుతుంది కనుక, ఆ పేజీలో వచ్చిన వ్యాఖ్యలను కూడా వేరుగా భద్రపరిచి, సేవలోని ఫైళ్లను మరునాడు తొలగించి ట్రాష్ ఖాళీ చేశాను.