వారానికి 3.4 కిలోల కాఫీ ఎవరికి అమ్మాలి? నెల రోజుల లెక్క

మొదటి వారం

కాఫీ గింజలు వేయించడానికి నా దగ్గర ఉన్నది 500 గ్రాముల చిన్న రోస్టర్. పాడేరు వైపు నుంచి తెచ్చుకున్న పచ్చి గింజలతో ఆదివారం పొద్దున ఎనిమిది బ్యాచ్‌లు వేయగలను. వేగేటప్పుడు 15 శాతం దాకా బరువు పోతుంది కాబట్టి చివరికి చేతికొచ్చేది 3.4 కిలోలు. ఇంటికీ స్నేహితులకూ 600 గ్రాములు, ఇప్పటికే కొంటున్న ఒక బేకరీకి కిలో తీసేస్తే 1.8 కిలోలు మిగులుతున్నాయి. వాటికోసమే ఈ వెతుకులాట.

ఉత్సాహం కొద్దీ గూగుల్ మ్యాప్స్‌లో విశాఖలోని కెఫేలన్నీ షీట్‌లోకి ఎక్కించాను. 96 పేర్లు వచ్చాయి. ఆ రాత్రే అందరికీ వాట్సాప్ పెట్టేద్దామనుకుని, మెసేజ్ మొదటి లైన్ దగ్గరే ఆగిపోయాను. రోజుకు 60 కప్పులు అమ్మే కెఫేకీ ఆఫీసు వెండింగ్ మెషిన్‌కీ ఒకే మాట ఏం రాస్తాం?

రెండో వారం

మెసేజ్ పక్కన పెట్టి లెక్క వేశాను. ఒక కప్పులో పోసే డబుల్ షాట్‌కు 18 గ్రాములు పడుతుంది, అంటే కిలోకు దాదాపు 55 కప్పులు. 60 కప్పుల కెఫేకి రోజుకే కిలో చాలదు. నా దగ్గర మిగిలే 1.8 కిలోలు వాళ్లకు రెండు రోజులైనా రావు. నేను మోయగలిగింది వారానికి 750 గ్రాముల నుంచి కిలోన్నర వరకు కొనేవాళ్లని. కప్పుల్లో చెబితే రోజుకు 6 నుంచి 12.

అంత తక్కువ కాఫీ అమ్మేది కెఫే కాదు. కేకులో, పుస్తకాలో అసలు వ్యాపారంగా ఉండి, కాఫీ పక్కవాయిద్యంగా ఉన్న చోటు. నా బేకరీ కస్టమర్ అచ్చంగా అలాంటిదే, అయినా అప్పటిదాకా తట్టలేదు. 96 పేర్లూ తీసేశాను.

మిగతా షరతులు కూడా ఆ బేకరీని చూసే రాసుకున్నాను. సొంత గ్రైండర్ ఉండాలి, లేకపోతే పొడి చేసి ఇవ్వాల్సి వస్తుంది, అది నాలుగు రోజుల్లో వాసన కోల్పోతుంది. గింజలు కొనే నిర్ణయం కౌంటర్ దగ్గర కూర్చునే ఓనర్‌దే అయి ఉండాలి. లాసన్స్ బే నుంచి సీతమ్మధార లోపు ఉండాలి, ఎందుకంటే డెలివరీ బాయ్ కూడా నేనే.

అన్నిటికంటే పెద్ద షరతు మెషిన్ ఎవరిదన్నది. కొందరు సరఫరాదార్లు మెషిన్ ఉచితంగా పెట్టి, బదులుగా గింజలు తమ దగ్గరే కొనాలని ఒప్పందం రాయించుకుంటారు. అలాంటి చోట ఓనర్‌కు మన కాఫీ ఎంత నచ్చినా కొనలేడు. మెషిన్ మీదా గ్రైండర్ మీదా ఒకే కాఫీ కంపెనీ స్టిక్కర్, కప్పుల మీదా అదే పేరు కనిపిస్తే అనుమానించాలి.

మూడో వారం

ఈసారి బేకరీలు, డెజర్ట్ షాపులు, పుస్తకాల షాపులు, కో-వర్కింగ్ స్థలాలు అని వెతికితే 43 వచ్చాయి. కస్టమర్లు పెట్టిన ఫొటోల్లో కౌంటర్ వెనక ఏముందో చూస్తూ పోయాను. 17 చోట్ల రెడీమేడ్ పొడి కలిపే ప్రీమిక్స్ మెషినే, గింజలతో పనే లేదు. తొమ్మిది చోట్ల గ్రైండర్ లేదు, లేదా స్టిక్కర్ల వ్యవహారం. నాలుగు చైన్ బ్రాంచీలు, అక్కడి మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు. 13 మిగిలాయి.

నాలుగో వారం

శనివారం నుంచి వరసగా సాయంత్రాలు ఆ 13 చోట్లకూ వెళ్లి కాఫీ తాగాను. (టెన్షన్ లేదు, అమ్మడానికి వెళ్లలేదు కదా. నిద్ర మాత్రం పట్టలేదు.) ఫొటోలు ఎంత మోసం చేస్తాయో అప్పుడు తెలిసింది. ఎంవీపీ కాలనీలో ఒక బేకరీ ఫొటోలో మెషిన్ మెరిసిపోతోంది. వెళ్లి చూస్తే దానిమీద గుడ్డ కప్పి, పైన రస్కుల డబ్బాలు పెట్టారు. ఆ ఫొటో రెండేళ్ల నాటిది. షీట్‌లో ‘ఎప్పుడు చూశాను’ అనే కాలమ్ ఆ రోజే చేరింది.

సీతమ్మధారలో ఒక డెజర్ట్ షాపులో మాత్రం మంచి ఆధారం దొరికింది. గ్రైండర్ పక్కనున్న గింజల ప్యాకెట్ మీద రోస్ట్ తేదీ నాలుగు నెలల కిందటిది.

“ఇవి ఎక్కడివండీ?” అని అడిగాను.

“బెంగళూరు నుంచి తెప్పిస్తామండీ. ఐదు కిలోలకు తక్కువ పంపరు, అయిపోయేదాకా ఇవే,” అన్నారు ఓనరమ్మ.

ఆ మాటను ఉన్నదున్నట్టు షీట్‌లో రాసుకున్నాను. ఆమెకు మెసేజ్ రాసే రోజు మొదటి వాక్యం కోసం వెతుక్కోనక్కర్లేదు: కిలో చొప్పున, ఆ వారం వేయించినవి.

చివరికి తొమ్మిది మిగిలాయి. నాకు కావలసింది ఇద్దరే కాబట్టి చాలు. ఐదింటికి కాలమ్‌లన్నీ నిండాయి. మిగతా నాలుగింటిలో ‘మెషిన్ ఎవరిది’ అన్న గడి ఇంకా ఖాళీ. ఊహించి నింపలేదు, ఈ శనివారం మళ్లీ వెళ్లాలి.